బీటా బ్లాకర్లలో ‘సెలెక్టివ్’ అంటే ఎంతవరకు? ఆస్తమా, మధుమేహం ఉన్నవారికి లెక్క ఎలా మారుతుంది

సంక్షిప్తంగా: గుండె వేగాన్ని, రక్తపోటును తగ్గించే బీటా బ్లాకర్ మందులన్నీ గుండెలోని బీటా-1 రిసెప్టర్లను, అంటే అడ్రినలిన్ సంకేతాన్ని అందుకునే చోట్లను, అడ్డుకుంటాయి. శ్వాసనాళాల్లో, కాలేయంలో ఉండే బీటా-2 రిసెప్టర్లను ఏ మేరకు అడ్డుకుంటాయన్న దగ్గరే వాటి మధ్య తేడా వస్తుంది. ‘సెలెక్టివ్’ మందులు బీటా-2ను పూర్తిగా వదిలేయవు. మోతాదు పెరిగేకొద్దీ వాటి ఎంపిక సడలుతుంది. అందుకే ఆస్తమాలో నాన్‌సెలెక్టివ్ రకాలను పక్కన పెడతారు, సెలెక్టివ్ రకాలను తప్పనిసరి అవసరం ఉంటేనే, తక్కువ మోతాదులో, గమనిస్తూ వాడతారు. మధుమేహంలో అసలు ఇబ్బంది చక్కెర పడిపోయినప్పుడు కనిపించాల్సిన హెచ్చరికలు మసకబారడం, నాన్‌సెలెక్టివ్ రకాలతో చక్కెర తిరిగి పైకి రావడం ఆలస్యమవడం.

## గందరగోళం ఎక్కడ

ప్రొప్రనొలాల్ మాత్రల పెట్టెలోని కరపత్రంలో ఆస్తమా ఉన్నవారు వాడకూడదని రాసి ఉంటుంది. అదే ఆస్తమా ఉన్న మరొకరికి గుండెపోటు తర్వాత వైద్యులు బిసొప్రొలాల్ రాస్తారు. రెండూ బీటా బ్లాకర్లే. మధుమేహం విషయంలోనూ ఇలాగే ఉంటుంది: ఒకచోట జాగ్రత్త అంటారు, మరోచోట గుండెకు ఇదే మంచిదంటారు. చూడటానికి పొంతన లేని ఈ సలహాలు నిజానికి ఒకే సూత్రం నుంచి వచ్చినవి. అది అర్థం కావాలంటే ముందు అడ్రినలిన్ ఎక్కడెక్కడ, ఎలా పనిచేస్తుందో చూడాలి.

## ఒకే హార్మోను, ఎదురెదురు పనులు

అడ్రినలిన్ చర్మంలోని రక్తనాళాలను బిగిస్తుంది, కండరాల్లోని రక్తనాళాలను వదులు చేస్తుంది. గుండెను పరిగెత్తిస్తుంది, శ్వాసనాళాల కండరాన్ని మాత్రం సడలిస్తుంది. ఒకే పదార్థం ఇన్ని రకాలుగా ఎలా పనిచేస్తుందన్నది చాలాకాలం చిక్కుప్రశ్నగానే ఉండిపోయింది. శరీరంలో ఉత్తేజపరిచే పదార్థం ఒకటి, అణచిపెట్టే పదార్థం ఒకటి విడివిడిగా ఉన్నాయన్న వాదన 1930లలో బలంగా ఉండేది.

1948లో అమెరికన్ శాస్త్రవేత్త రేమండ్ ఆల్‌క్విస్ట్ ఈ చిక్కును మరో వైపు నుంచి చూశారు. అడ్రినలిన్‌ను పోలిన పలు పదార్థాలను వేర్వేరు అవయవాల మీద ప్రయోగించి, ఏది ఎక్కువ బలంగా పనిచేస్తుందో వరుస కట్టారు. అవయవాలు ఎన్ని ఉన్నా వచ్చిన వరుసలు మాత్రం రెండే. కాబట్టి తేడా పదార్థంలో లేదు, దాన్ని అందుకునే రిసెప్టర్లలో ఉందని తేల్చి, వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టారు. ఈ ఆలోచనను ఆధారంగా చేసుకుని బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ బృందం 1960లలో ప్రొప్రనొలాల్‌ను తయారు చేసింది. 1967లో ఎ.ఎం. లాండ్స్ బృందం అదే పద్ధతిలో బీటా రిసెప్టర్లను కూడా రెండుగా విడదీసింది. మూడోది, బీటా-3, 1980ల చివర్లో జన్యుపరిశోధన ద్వారా బయటపడింది.

ఈ వ్యాసానికి అవసరమైన మేరకు ఈ కుటుంబాన్ని ఇలా గుర్తుపెట్టుకోవచ్చు. ఆల్ఫా-1 ప్రధానంగా రక్తనాళాల గోడల్లో ఉండి వాటిని బిగిస్తుంది, రక్తపోటు పెంచుతుంది. ఆల్ఫా-2 నరాల చివర్లలో ఉండి నార్‌అడ్రినలిన్ విడుదలకు కళ్లెం వేస్తుంది. బీటా-1 గుండెలోనూ, మూత్రపిండాల్లో రెనిన్ విడుదల చేసే కణాల మీదా ఉంటుంది. బీటా-2 శ్వాసనాళాలు, కండరాల్లోని రక్తనాళాలు, కాలేయం, గర్భాశయం వంటి చోట్ల ఉంటుంది. బీటా-3 కొవ్వు కణాల్లో, మూత్రాశయంలో పనిచేస్తుంది. బీటా బ్లాకర్ల చర్చలో దాని ప్రస్తావన పెద్దగా రాదు.

ఇక్కడ ఒక విశేషం ఉంది. బీటా-1, బీటా-2 రెండూ కణం లోపలికి పంపే ప్రధాన సంకేతం ఒకటే. రెండూ జీఎస్ అనే ప్రోటీన్‌ను కదిలించి, సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువును పెంచుతాయి. గుండె కండరంలో ఈ అణువు పెరిగితే కణంలోకి కాల్షియం రాక ఎక్కువై సంకోచం బలపడుతుంది. శ్వాసనాళాల కండరంలో అదే అణువు సంకోచానికి అవసరమైన ఎంజైమును అణచివేస్తుంది, కండరం సడలుతుంది. సంకేతం ఒకటే అయినా అందుకున్న కణాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది. దానికి అడ్డు వేసినప్పుడు కూడా ఫలితాలు అలాగే విడిపోతాయి: గుండె నెమ్మదిస్తుంది, శ్వాసనాళం బిగుసుకునే అవకాశం పెరుగుతుంది. మొదటిది చికిత్స అయితే రెండోది దుష్ప్రభావం.

గుండెలో బీటా-1 మాత్రమే ఉందని, ఊపిరితిత్తుల్లో బీటా-2 మాత్రమే ఉందని అనుకోవడం కూడా సరికాదు. మనిషి గుండెలోని బీటా రిసెప్టర్లలో సుమారు నాలుగో వంతు బీటా-2లే. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తుల గోడల మీద బీటా-1 కూడా ఉంటుంది. అయితే శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరం మాత్రం దాదాపు పూర్తిగా బీటా-2 మీదే ఆధారపడుతుంది. ఆస్తమాకు సంబంధించినంత వరకు లెక్కలోకి వచ్చేది ఆ కండరమే.

## ఎవరు ఏ జట్టు

ప్రొప్రనొలాల్, నాడొలాల్, టిమొలాల్, సొటలాల్ వంటివి రెండు రకాల బీటా రిసెప్టర్లనూ అడ్డుకుంటాయి. వీటిని నాన్‌సెలెక్టివ్ అంటారు. కార్వెడిలాల్, లాబెటలాల్ ఆ రెండింటితోపాటు ఆల్ఫా-1ను కూడా అడ్డుకుంటాయి. అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్, నెబివొలాల్, ఇంజెక్షన్‌గా ఇచ్చే ఎస్మొలాల్ ప్రధానంగా బీటా-1 మీద పనిచేసే సెలెక్టివ్ రకాలు.

నాన్‌సెలెక్టివ్ అంటే కాలం చెల్లిన మందు అని కాదు. చేతుల వణుకు తగ్గాలంటే కండరాల్లోని బీటా-2ను అడ్డుకోవాలి. అందుకే పార్కిన్సన్స్ కాని, ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు వ్యాధిలో ప్రొప్రనొలాల్ ఇప్పటికీ ముందువరుసలో ఉంది. కాలేయ వ్యాధిలో పోర్టల్ సిరలో పీడనం తగ్గించడానికీ ఈ రకాలే వాడతారు. బీటా-2కు అడ్డుపడితే పేగుల రక్తనాళాలు బిగుసుకుని, ఆ సిరలోకి చేరే రక్తం తగ్గుతుంది. ఒక రోగికి దుష్ప్రభావం అనిపించేదే మరో రోగికి చికిత్స అన్నమాట.

## సెలెక్టివిటీ ఒక నిష్పత్తి

అపోహ ఎక్కువగా పుట్టేది ఇక్కడే. సెలెక్టివ్ అనగానే మందు బీటా-2ను అసలు ముట్టదనుకుంటారు. వాస్తవంలో అది రెండింటికీ అతుక్కుంటుంది, ఒకదానికి ఎక్కువ గట్టిగా, రెండోదానికి తక్కువగా. ఎంత ఎక్కువ అన్నది మందును బట్టి మారుతుంది. విరివిగా వాడే మాత్రల్లో బిసొప్రొలాల్ ఎంపిక బలమైనది, అటెనొలాల్, మెటొప్రొలాల్ అంతకంటే వెనుక ఉంటాయి.

ఈ నిష్పత్తి ఆచరణలో ఎలా కనిపిస్తుందో ఒక సులువైన లెక్కతో చూడవచ్చు. ఒక మందు బీటా-2 కంటే బీటా-1కు పది రెట్లు గట్టిగా అతుక్కుంటుందనుకుందాం. బీటా-1లో సగం నిండడానికి రక్తంలో కావలసిన గాఢతను 1 పాలు అందాం. ఆ గాఢతలో బీటా-1లో 50 శాతం మూసుకుంటే బీటా-2లో మూసుకునేది 9 శాతమే. గాఢతను 3 పాళ్లకు పెంచితే బీటా-1 75 శాతం, బీటా-2 23 శాతం. 10 పాళ్లకు చేరితే బీటా-1 91, బీటా-2 50. 30 పాళ్లకు వెళితే 97, 75.

ఈ అంకెల్లో గమనించాల్సింది రెండు వరుసల వేగం. 10 పాళ్ల నుంచి 30 పాళ్లకు వెళ్లినప్పుడు గుండె వైపు లాభం ఆరు శాతమే, శ్వాసనాళం వైపు నష్టం మాత్రం పాతిక శాతం. అంటే పై మోతాదుల్లో కొత్తగా మూసుకునేవి ఎక్కువగా బీటా-2లే. శరీరంలో అడ్రినలిన్ కూడా అదే రిసెప్టర్ల కోసం పోటీ పడుతుంటుంది కాబట్టి నిజజీవితంలో లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. అయినా దిశ ఇదే. సెలెక్టివ్ మందును తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచమనడంలో ఉన్న ఒక ముఖ్య కారణం ఇదే.

మాత్ర మీద రాసిన మోతాదు, రక్తంలో చేరే గాఢత ఒకటి కాకపోవచ్చు. మెటొప్రొలాల్‌ను కాలేయంలో ప్రధానంగా విచ్ఛిన్నం చేసేది సీవైపీ2డీ6 అనే ఎంజైము. కొందరిలో అది పుట్టుకతోనే సరిగ్గా పనిచేయదు. పారోక్సెటిన్, ఫ్లూఒక్సెటిన్ వంటి కుంగుబాటు మందులు కూడా దాన్ని అణచివేస్తాయి. అలాంటివారిలో అదే మాత్రతో రక్తంలో గాఢత కొన్ని రెట్లు పెరగవచ్చు. అప్పుడు చీటీలో ఉన్నది సెలెక్టివ్ మందే అయినా పైన చూసిన లెక్కలో ఆ రోగి ఎక్కువ పాళ్ల దగ్గర నిలబడి ఉంటాడు. బిసొప్రొలాల్‌లో దాదాపు సగం మూత్రపిండాల ద్వారా మారకుండానే బయటికి పోతుంది కాబట్టి ఈ ఇబ్బంది దానికి చాలా తక్కువ.

## ఆస్తమాలో అసలు ప్రమాదం

ఆరోగ్యవంతులు ప్రొప్రనొలాల్ మింగితే సాధారణంగా ఆయాసం రాదు. ఆస్తమా ఉన్నవారికి అదే మాత్ర ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. రెండు చోట్లా అడ్డుపడింది ఒకే రిసెప్టర్‌కు అయినప్పుడు ఇంత తేడా ఎందుకు?

శ్వాసనాళాల కండరాన్ని బిగించే పని వేగస్ నరానిది. దాని చివర్ల నుంచి అసిటైల్‌కోలిన్ విడుదలై కండరాన్ని సంకోచింపజేస్తుంది. దీనికి ఎదురు నిలిచే సింపథెటిక్ నరాలు మనిషి శ్వాసనాళ కండరంలోకి దాదాపుగా రావు. రక్తంలో తిరిగే అడ్రినలిన్ బీటా-2 మీద పనిచేసి ఆ సమతూకాన్ని నిలబెడుతుంది. వేగస్ నరాల చివర్ల మీద కూడా బీటా-2 ఉండి, అసిటైల్‌కోలిన్ విడుదలను కొంత తగ్గిస్తుంది. ఆరోగ్యవంతుల్లో వేగస్ లాగుడు తేలికగా ఉంటుంది కాబట్టి ఈ అడ్డుకట్ట తొలగినా పెద్దగా తెలియదు. ఆస్తమాలో ఆ లాగుడు ఎక్కువ, కండరం చిన్న ప్రేరణకే బిగుసుకునే స్థితిలో ఉంటుంది. అక్కడ బీటా-2ను మూసేస్తే తాడాటలో ఒక వైపు వాళ్లు ఒక్కసారిగా చేతులు వదిలేసినట్టవుతుంది.

అందుకే ఆస్తమా ఎంత తేలికగా ఉందన్నది నమ్మదగిన భరోసా కాదు. చిన్నప్పుడు ఆస్తమా ఉండి, ఏళ్ల తరబడి మందు అవసరం లేకుండా గడిపినవారిలో కూడా ఈ స్వభావం లోపల మిగిలి ఉండవచ్చు. పార్శ్వపు తలనొప్పికో, వేదికల మీద గుండెదడకో ప్రొప్రనొలాల్ రాసేటప్పుడు ‘ఆస్తమా ఉందా’ అని అడిగితే వారు లేదనే చెబుతారు. ‘ఎప్పుడైనా పిల్లికూతలు, ఇన్‌హేలర్ వాడకం ఉన్నాయా’ అని అడిగితే జవాబు మారవచ్చు.

ప్రమాదంలో రెండో భాగం మరింత ముఖ్యం. దాడి వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ పనిచేయాల్సింది అదే బీటా-2 మీద. ఆ చోటు ఇప్పటికే మూసుకుని ఉంటే ఇన్‌హేలర్ ప్రభావం తగ్గుతుంది. ఆస్తమా రోగుల మీద జరిగిన యాదృచ్ఛిక పరీక్షల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణలో తొలి మోతాదు తర్వాత ఎఫ్‌ఈవీ1, అంటే మొదటి సెకనులో బలంగా ఊదగల గాలి పరిమాణం, సెలెక్టివ్ రకాలతో సగటున సుమారు 7 శాతం, నాన్‌సెలెక్టివ్ రకాలతో సుమారు 10 శాతం తగ్గింది. ఈ రెండు సంఖ్యలూ దగ్గరగానే కనిపిస్తాయి. కానీ ఇన్‌హేలర్ ప్రభావంలో తగ్గుదల చూస్తే సెలెక్టివ్‌తో సుమారు 10 శాతం, నాన్‌సెలెక్టివ్‌తో సుమారు 20 శాతం. దాడి రావడం కంటే, వచ్చిన దాడి మందుకు లొంగకపోవడం దగ్గరే రెండు జట్లూ ఎక్కువగా విడిపోతాయి.

సగటు వెనుక దాగేది కూడా ఉంది. ఆ విశ్లేషణలో సెలెక్టివ్ మందు తీసుకున్నవారిలోనే దాదాపు ఎనిమిదింట ఒకరికి ఎఫ్‌ఈవీ1 20 శాతం లేదా అంతకంటే ఎక్కువ పడిపోయింది. పైగా ఇలాంటి పరీక్షల్లో పాల్గొనేది ఎక్కువగా అదుపులో ఉన్న తేలికపాటి, మధ్యస్థ ఆస్తమా రోగులు. తీవ్ర ఆస్తమా ఉన్నవారికి ఈ అంకెలను అన్వయించడం కుదరదు.

బీటా బ్లాకర్ వల్ల శ్వాసనాళాలు బిగుసుకుంటే ఏం చేయాలన్నది కూడా ఈ యంత్రాంగం నుంచే వస్తుంది. సాల్బుటమాల్ ఇస్తారు, మామూలు కంటే ఎక్కువ అవసరం కావచ్చు. దానితోపాటు ఇప్రట్రోపియం కలుపుతారు. అది అసిటైల్‌కోలిన్ పనిచేసే మస్కరినిక్ రిసెప్టర్‌ను మూస్తుంది, బీటా-2తో దానికి సంబంధం లేదు. లాగే చేయి సడలితే, ఎదురు లాగేవాళ్లు లేకపోయినా కొంత మేలు జరుగుతుంది.

## లెక్కలోకి రాని కంటి చుక్కలు

గ్లకోమాకు వాడే టిమొలాల్ చుక్కలు నాన్‌సెలెక్టివ్ బీటా బ్లాకరే. 0.5 శాతం ద్రావణంలో ఒక చుక్కకు సుమారు 0.15 నుంచి 0.25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మాత్రలతో పోలిస్తే ఇది చాలా స్వల్పం. కానీ కంటిలో పడిన ద్రవంలో అధిక భాగం కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి, అక్కడి పల్చని పొర ద్వారా నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్రకు కాలేయంలో జరిగే తొలి వడపోత దీనికి ఉండదు. చుక్కలు మొదలుపెట్టిన కొద్ది గంటల్లోనే ఆస్తమా విషమించిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి.

చుక్క వేసుకున్నాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకుంటే రక్తంలోకి చేరేది తగ్గుతుంది. ఆస్తమా ఉన్నవారికి అది చాలదు. లాటానోప్రోస్ట్ వంటి వేరే తరగతి చుక్కలు ఉన్నాయి. బీటాక్సొలాల్ చుక్కలు సెలెక్టివ్ రకం కాబట్టి ముప్పు తక్కువే గానీ పూర్తిగా లేదనలేం.

చుక్కల్ని ‘మందు’ కింద చాలామంది లెక్కించరు. ఏయే మందులు వాడుతున్నారని అడిగితే మాత్రల పేర్లే చెబుతారు. కొత్తగా మొదలైన ఆయాసానికి కారణం దొరకనప్పుడు కంటి చికిత్స గురించి విడిగా అడగాల్సి వచ్చేది ఇందుకే.

## మధుమేహంలో మాయమయ్యే హెచ్చరికలు

రక్తంలో గ్లూకోజు సుమారు 65–70 మిల్లీగ్రాములకు దిగేసరికి శరీరం ఎదురుదాడి మొదలుపెడుతుంది. తొలి వరుసలో గ్లూకగాన్, ఆ వెనుకే అడ్రినలిన్ వస్తాయి. అడ్రినలిన్ రెండు పనులు చేస్తుంది. కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజన్‌ను కరిగించి, కొత్త గ్లూకోజు తయారీని పెంచి చక్కెరను పైకి తెస్తుంది. గుండెదడ, చేతుల వణుకు, ఆందోళన పుట్టించి మనిషిని ఏదైనా తినేలా చేస్తుంది. మధుమేహం లేనివారిలో గ్లూకగాన్ ఒక్కటే చాలావరకు సరిపోతుంది. టైప్-1 మధుమేహం మొదలైన కొన్నేళ్లకు చక్కెర పడినప్పుడు గ్లూకగాన్ స్పందించడం మానేస్తుంది. దీర్ఘకాలం ఇన్సులిన్ మీద ఉన్న టైప్-2 రోగుల్లోనూ అది బలహీనపడుతుంది. అప్పుడు మిగిలేది అడ్రినలిన్ ఒక్కటే.

కాలేయం మీద, కండరాల మీద అడ్రినలిన్ చేసే ఈ పనిలో బీటా-2 పాత్ర పెద్దది. అందుకే ప్రొప్రనొలాల్ వాడుతున్నవారిలో పడిపోయిన చక్కెర కోలుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. సెలెక్టివ్ రకాలు మామూలు మోతాదుల్లో ఈ కోలుకోవడాన్ని చాలా తక్కువగానే దెబ్బతీస్తాయి.

హెచ్చరికల సంగతి వేరు. దడ బీటా-1 వల్ల వస్తుంది కాబట్టి సెలెక్టివ్ మందు కూడా దాన్ని అణచేస్తుంది. వణుకు బీటా-2 వల్ల వస్తుంది కాబట్టి సెలెక్టివ్ మందుతో అది చాలావరకు మిగులుతుంది, నాన్‌సెలెక్టివ్‌తో మాయమవుతుంది. చెమట మాత్రం రెండింటిలోనూ ఆగదు. చెమట గ్రంథులకు వచ్చేవి సింపథెటిక్ నరాలే అయినా అవి విడుదల చేసేది అసిటైల్‌కోలిన్, పనిచేసేది మస్కరినిక్ రిసెప్టర్ మీద. బీటా బ్లాకర్‌కు అక్కడ పని లేదు. కాబట్టి ఇన్సులిన్ వాడుతూ బీటా బ్లాకర్ మొదలుపెట్టినవారికి చెప్పాల్సిన ఆచరణాత్మక మాట ఇదే: కారణం లేకుండా చెమట పడితే, అకస్మాత్తుగా ఆకలి వేస్తే, తల తికమకపడితే దడ కోసం ఎదురుచూడకుండా చక్కెర పరీక్షించుకోవాలి.

ఆల్ఫా రిసెప్టర్లు ఇక్కడ మళ్లీ తెరమీదికి వస్తాయి. చక్కెర పడినప్పుడు వెల్లువలా వచ్చిన అడ్రినలిన్ మామూలుగా ఆల్ఫా-1 ద్వారా కొన్ని నాళాలను బిగిస్తూ, బీటా-2 ద్వారా కండరాల నాళాలను వదులు చేస్తుంది. దాంతో రక్తపోటు పెద్దగా మారదు. నాన్‌సెలెక్టివ్ మందుతో బీటా-2 మూసుకుపోతే ఆల్ఫా-1కు ఎదురుండదు. రక్తపోటు పెరుగుతుంది, దాన్ని సరిచేసేందుకు శరీరం నాడిని మరింత నెమ్మదింపజేస్తుంది. ఫలితంగా చక్కెర పడిపోయిన మనిషిలో వేగమైన నాడికి బదులు నెమ్మదైన నాడి, ఎక్కువ రక్తపోటు కనిపిస్తాయి. పరీక్షించేవారిని తప్పుదోవ పట్టించే చిత్రం ఇది.

ఈ ప్రమాదం అందరు మధుమేహులకూ సమానం కాదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర ప్రమాదకరంగా పడటమే అరుదు, కాబట్టి దాచడానికి హెచ్చరికలు కూడా ఉండవు. ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారికే ఈ చర్చ వర్తిస్తుంది. మధుమేహమే లేని పసిపిల్లలకు ఎర్ర రక్తనాళ గడ్డల చికిత్సలో ప్రొప్రనొలాల్ ఇచ్చేటప్పుడు మాత్రం పాలు తాగించే వేళకే ఇవ్వమని, పిల్లవాడు తినకపోతే ఆ మోతాదు మానేయమని చెబుతారు. గ్లైకోజన్ నిల్వలు తక్కువగా ఉన్నచోట ఉపవాసం ఒక్కటే చక్కెరను దించగలదు.

చక్కెర పెరిగే వైపు ప్రభావం నిదానమైనది, చిన్నది. ఇన్సులిన్ విడుదలకు బీటా-2 కొంత తోడ్పడుతుంది, దానికి అడ్డుపడితే విడుదల తగ్గుతుంది. 1998లో వెలువడిన యూకేపీడీఎస్ అధ్యయనంలో అటెనొలాల్ తీసుకున్నవారు క్యాప్టోప్రిల్ తీసుకున్నవారి కంటే ఎక్కువ బరువు పెరిగారు. అయినా మధుమేహ సమస్యలను తగ్గించడంలో రెండు మందులూ సమానంగా నిలిచాయి, తీవ్రంగా చక్కెర పడిపోయినవారి సంఖ్యలో కూడా తేడా కనిపించలేదు. 2004 నాటి జెమిని అధ్యయనంలో మెటొప్రొలాల్‌తో, రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 0.15 శాతం పాయింట్లు పెరిగింది, కార్వెడిలాల్‌తో పెరగలేదు. ఆల్ఫా-1ను కూడా మూసి రక్తనాళాలను వదులు చేయడం దీనికి కారణమని భావిస్తారు. గుండెకు మందు నిజంగా అవసరమైనప్పుడు ఈ స్వల్ప పెరుగుదల దాన్ని ఆపేంత కారణం కాదు.

## రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉంటే

నిర్ణయాలు ఎలా అల్లుకుంటాయో చూడటానికి ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. 62 ఏళ్ల మహిళ. తేలికపాటి ఆస్తమాకు బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ వాడుతోంది. టైప్-2 మధుమేహానికి మెట్‌ఫార్మిన్, రాత్రిపూట ఇన్సులిన్. గుండెపోటు తర్వాత గుండె రక్తాన్ని పంపే శాతం 32కు పడిపోయింది. ఇలాంటి గుండె వైఫల్యంలో ఆయుష్షు పెంచుతాయని పెద్ద పరీక్షల్లో రుజువైన బీటా బ్లాకర్లలో ముఖ్యమైనవి మూడు: బిసొప్రొలాల్, నెమ్మదిగా విడుదలయ్యే మెటొప్రొలాల్ సక్సినేట్, కార్వెడిలాల్.

చక్కెర వైపు నుంచి చూస్తే కార్వెడిలాల్ ఆకర్షణీయం. ఆస్తమా వైపు నుంచి చూస్తే అది బీటా-2ను కూడా మూసే మందు. ఈ రెండింటి మధ్య తూకం సమానంగా ఉండదు. హెచ్‌బీఏ1సీలో చిన్న మార్పును ఇన్సులిన్ సవరణతో సరిదిద్దవచ్చు, లొంగని ఆస్తమా దాడిని అలా సరిదిద్దలేం. అందుకే ఎంపిక బిసొప్రొలాల్ వైపు మొగ్గుతుంది.

మొదటి మాత్రకు ముందు ఎఫ్‌ఈవీ1 2.0 లీటర్లు. ఆస్తమా అదుపులో ఉంది. 1.25 మిల్లీగ్రాముల తొలి మోతాదు పరిశీలనలో ఇచ్చి, కొన్ని గంటల తర్వాత చూస్తే 1.88 లీటర్లు, అంటే 6 శాతం తగ్గుదల. సాల్బుటమాల్ పీలిస్తే మళ్లీ 2.0 దాటింది. ఈ రెండో సంగతే అసలు భరోసా: రిసెప్టర్లు ఇంకా మందుకు అందుబాటులో ఉన్నాయి. మోతాదును కనీసం రెండేసి వారాల విరామంతో 2.5, 3.75, 5 మిల్లీగ్రాములకు పెంచారు. ఇంట్లో రోజూ ఉదయం పీక్ ఫ్లో, అంటే గాలిని ఎంత వేగంగా ఊదగలదో చిన్న పరికరంతో కొలిచి రాసుకుంటోంది, 330 దగ్గర స్థిరంగా ఉంది.

7.5 మిల్లీగ్రాములకు వెళ్లిన వారానికి రాత్రి దగ్గు మొదలైంది, పీక్ ఫ్లో 260కి దిగింది. 21 శాతం పతనం. మొదట ఇన్‌హేలర్ సరిగ్గా వాడుతోందా, జలుబు ఏమైనా చేసిందా అని చూస్తారు. అవేవీ కాకపోతే 5 మిల్లీగ్రాములకు వెనక్కి తగ్గుతారు. గుండె వైద్య మార్గదర్శకాల లక్ష్యం 10 మిల్లీగ్రాములే అయినా, పైన చూసిన లెక్క ప్రకారం ఆఖరి మెట్ల దగ్గర బీటా-1 వైపు దక్కేది కొంచెమే, బీటా-2 వైపు పోయేది ఎక్కువ. ఈ మనిషికి 5 మిల్లీగ్రాములే సరైన గమ్యం కావచ్చు.

ఆమెకు ఒకరోజు తెల్లవారుజామున చెమటలతో మెలకువ వచ్చింది. దడ లేదు. నాడి 58. గుండె మందు వల్ల నీరసం అనుకుని పడుకుంటే ప్రమాదమే. పరీక్షిస్తే గ్లూకోజు 56. గ్లూకోజు తీసుకున్న తర్వాత పావుగంటకు మళ్లీ చూసుకుంది. ఇక్కడ మార్చాల్సింది బీటా బ్లాకర్‌ను కాదు, రాత్రి ఇన్సులిన్‌ను. మోతాదును 10 నుంచి 20 శాతం తగ్గించి, కొన్ని రోజులు తెల్లవారుజామున పరీక్షించుకోమంటారు. గ్లూకోజును ఎడతెగకుండా కొలిచే సెన్సర్ ఉంటే మేలు, దాని అలారానికి బీటా రిసెప్టర్లతో పని లేదు.

ఇలాంటి సందర్భాల్లో రోగి భయపడి బిసొప్రొలాల్‌ను తనంతట తాను ఆపేయడం మరో ప్రమాదం. ఎక్కువ కాలం అడ్డు ఉన్నప్పుడు కణాలు బీటా రిసెప్టర్ల సంఖ్యను పెంచుకుంటాయి. మందు ఒక్కసారిగా తొలగితే ఆ అదనపు రిసెప్టర్లన్నీ అడ్రినలిన్‌కు తెరుచుకుంటాయి. గుండెపోటు అయినవారిలో అది ఛాతీనొప్పిని, లయ తప్పడాన్ని తిరగదోడవచ్చు. ఆపాల్సి వస్తే వైద్యుల పర్యవేక్షణలో వారం రెండు వారాల్లో మెట్లు మెట్లుగా దించుతారు. తీవ్రమైన ఆస్తమా దాడి వంటి అత్యవసరంలో మాత్రం ఆసుపత్రిలోనే వెంటనే ఆపి, గుండెను గమనిస్తారు.

ఆరు నెలల తర్వాత ఆమె కంటి పరీక్షకు వెళ్లింది. కంటి పీడనం ఎక్కువగా ఉంది, చుక్కలు అవసరం. అక్కడ ఎవరూ అడగకపోతే టిమొలాల్ చేతికి వచ్చే అవకాశం ఉంది. దాంతో ఇన్నాళ్లూ జాగ్రత్తగా కాపాడిన బీటా-2 రిసెప్టర్లు ముక్కు దారిలో వచ్చిన మందుతో మూసుకుంటాయి. అప్పటికే 58 దగ్గర ఉన్న నాడి మీద రెండో బీటా బ్లాకర్ భారం కూడా పడుతుంది. ఆమె మందుల జాబితా చూసిన వైద్యులైతే లాటానోప్రోస్ట్ రాస్తారు.